క్రెడిట్ రిస్క్ ఫండా, బ్యాంకింగ్ పీఎస్‌యూ ఫండా: ఏది మేలు?

రిటైర్మెంట్ డబ్బు చేతికొచ్చిన తిరుపతి మిత్రులు నన్ను అడిగేది ఒకటే: "క్రెడిట్ రిస్క్ ఫండ్‌లో ఏడాదికి ఒకటిన్నర శాతం ఎక్కువొస్తుందంట కదన్నా, పెట్టేదా?"

ఆ ఒకటిన్నర ఊరికే రాదు. క్రెడిట్ రిస్క్ ఫండ్ కనీసం 65 శాతం డబ్బును ఏఏ, అంతకంటే తక్కువ రేటింగ్ బాండ్లలో పెట్టాలి. బ్యాంకింగ్ పీఎస్‌యూ ఫండ్‌లో కనీసం 80 శాతం బ్యాంకులు, ప్రభుత్వ సంస్థల పేపరే, అంటే వాటి బాండ్లే. అలాగని రేటింగ్ ఒక్కటే చూసి నిశ్చింతగా ఉండలేం. ఇన్‌ఫ్రా ప్రాజెక్టులకు అప్పులిచ్చే ఐఎల్ అండ్ ఎఫ్ఎస్‌ది 2018 ఆగస్టు దాకా అన్నిటికంటే పై రేటింగైన ఏఏఏ, సెప్టెంబర్‌లో డిఫాల్ట్.

నేను ముందు చూసేది ఒక్క కంపెనీలో ఎంత శాతం ఉందన్నది. 2019 జూన్‌లో ఇళ్ళ రుణాలిచ్చే డీహెచ్ఎఫ్ఎల్ వడ్డీ కట్టలేనప్పుడు ఫండ్లు ఆ పేపర్ విలువను 75 శాతం కోసేశాయి. ఆ కోతనే ఒక లెక్కలో పెట్టి చూద్దాం. 100 కోట్ల ఫండ్‌లో అలాంటి పేపర్ 6 కోట్లు ఉందనుకోండి. 75 శాతం పోతే నష్టం నాలుగున్నర కోట్లు, అంటే నాలుగున్నర శాతం. మూడేళ్ళ అదనపు రాబడి ఒక్క పూటలో సరి.

ఇంకా చెడ్డ సంగతి ఉంది. పుకారు పుట్టగానే పెద్ద మదుపరులు ముందే 40 కోట్లు తీసేసుకున్నారనుకోండి. వాళ్ళకివ్వడానికి ఫండ్ అమ్మేది మంచి పేపర్‌నే, చెడ్డదాన్ని కొనేవాడుండడు. మిగిలిన 60 కోట్లలో ఆ 6 కోట్లు ఇప్పుడు 10 శాతం. కోత పడితే నష్టం ఏడున్నర శాతం, అంటే ఐదేళ్ళ అదనపు రాబడి. ఎన్‌ఏవీ, అంటే ఫండ్ యూనిట్ ధర, రోజూ చూసుకోని మనలాంటివాళ్ళే చివరిదాకా మిగిలేది. చెడ్డ పేపర్‌ను వేరు చేసి పక్కన పెట్టే సైడ్ పాకెటింగ్ వచ్చినా, అది చేసేలోపు వెళ్ళిపోయినవాళ్ళకు ఈ బాధ లేదు.

పేరును కూడా నమ్మకండి. 2020 ఏప్రిల్ 23న ఫ్రాంక్లిన్ టెంపుల్టన్ మ్యూచువల్ ఫండ్ సంస్థ మూసేసిన ఆరు స్కీముల్లో ఒకటి అల్ట్రా షార్ట్ బాండ్ ఫండ్! పేరేమో అల్ట్రా షార్ట్, లోపల ఏఏ, ఏ రేటింగ్ పేపర్ బోలెడు. తర్వాత విడతల వారీగా డబ్బు తిరిగొచ్చిన మాట నిజమే. కానీ పిల్ల పెళ్ళికని దాచుకున్నవాళ్ళకు ముహూర్తానికి చేతికి రాలేదు కదా.

అందుకే నా ఓటు బ్యాంకింగ్ పీఎస్‌యూకే. దానికీ లోపం ఉంది: మార్కెట్లో వడ్డీ రేట్లు పెరిగితే ఎన్‌ఏవీ తగ్గుతుంది, మూడేళ్ళు కదపని డబ్బే పెట్టాలి. ఎఫ్‌డీ సంగతి అందరికీ తెలిసిందే, ఒక బ్యాంకులో 5 లక్షల వరకు బీమా ఉంటుంది.

ఎందులో పెట్టినా నెలవారీ ఫ్యాక్ట్‌షీట్ తెరవండి. అదే రకం ఫండ్ల కంటే వైటీఎమ్, అంటే బాండ్లను గడువు దాకా ఉంచితే ఏడాదికి వచ్చే రాబడి, ఒక శాతం ఎక్కువ కనిపిస్తే హోల్డింగ్స్ పట్టికలోకి వెళ్ళి, ఏఏఏ కాని కంపెనీ ఒక్కటైనా 4 శాతం దాటిందా చూడండి. దాటితే నేనైతే పెట్టను.