ధ్వనికో కార్డా, జంటకో కార్డా: ఏది మేలు?

ఫొనెటిక్స్ క్లాసులో హల్లుల లెక్చర్ అయ్యాక నోట్సును కార్డులుగా మార్చుకోవాలంటే రెండు పద్ధతులున్నాయి. ఒకటి, ధ్వనికో కార్డు: ముందు వైపు గుర్తు, వెనక నోరు ఎలా పెట్టాలో, రెండు మూడు ఉదాహరణ మాటలు. రెండోది, తికమక పెట్టే రెండు ధ్వనుల్ని ఒకే కార్డు మీద పెట్టి తేడా ఎక్కడుందని అడగడం. చాలామంది మొదటిదే చేస్తారు, ఎందుకంటే లెక్చర్ నడిచేది కూడా అలాగే, ఒక్కో ధ్వని వరసగా. నా ఓటు మాత్రం రెండోదానికే, కాకపోతే అన్ని చోట్లా కాదు.

ఇంగ్లిష్ 'థింక్' మొదట్లో వచ్చే [θ] తీసుకోండి. లెక్చర్‌లో చెప్పింది చెప్పినట్టు ఎక్కిస్తే ధ్వని కార్డు ఇలా వస్తుంది:

```
ముందు: [θ]
వెనక: దంత్యం, ఊష్మం, శ్వాసం
      థింక్, మౌత్
```

అంటే నాలుక పళ్ళ దగ్గర ఉంటుంది, గాలి ఒరుసుకుంటూ పోతుంది, గొంతు కంపించదు. ఇందులో తప్పేమీ లేదు. కానీ పది సార్లు తిప్పాక 'దంత్యం, ఊష్మం, శ్వాసం' అనేది పద్యంలా నోటికొచ్చేస్తుంది, నోరు మాత్రం మన 'తల'లోని త దగ్గరే ఆగిపోతుంది. కార్డు ఆ సంగతి పట్టుకోలేదు, మీరు కరెక్టుగా చెప్పారనే అనుకుంటుంది. అదే జంటగా రాస్తే:

```
ముందు: [t̪] (తల), [θ] (థింక్): తేడా ఏది?
వెనక: రెండింటికీ నాలుక కొన పై పళ్ళ దగ్గరే.
      [t̪]: గాలి పూర్తిగా ఆగి, ఒక్కసారి వదులుతుంది
      [θ]: సన్నని సందులోంచి గాలి పోతూనే ఉంటుంది
పరీక్ష: ఊపిరి ఉన్నంతసేపు సాగదీయగలరా?
```

ఆ చివరి లైనే అసలు లాభం. [θ]ను సాగదీయొచ్చు, [t̪]ను సాగదీయలేం, అంటే మీరు పలికింది ఏదో మీకే తెలిసిపోతుంది, పక్కన మాస్టారు ఉండక్కర్లేదు.

నోటి బొమ్మ అతికిస్తే సరిపోదా అంటారేమో. పుస్తకాల్లో ఉండే తలకాయ నిలువుకోత బొమ్మ బాగానే ఉంటుంది గానీ, అది ముఖాన్ని సరిగ్గా నడిమికి కోసి చూపిస్తుంది, కాబట్టి నాలుక పక్కల్లో ఏం జరుగుతోందో అందులో పడదు. [l]కి నాలుక కొన చిగురుకి తగిలి ఉండగానే గాలి పక్కల నుంచి పోతుంది, [d]కి పక్కలు కూడా మూసుకుపోతాయి, బొమ్మలో మాత్రం రెండూ దాదాపు ఒకటే. గొంతులో కంపనం ఉందా లేదా అన్నది కూడా విడిగా గీత గీసి చూపిస్తే తప్ప కనపడదు, అంచేత [s], [z] బొమ్మలు కవలల్లా ఉంటాయి. బొమ్మ పెట్టుకోండి, కానీ కింద ఒక్క వాక్యం రాసుకోండి: 'గొంతు మీద వేలు పెడితే [z]కి జుమ్మంటుంది'.

ఉదాహరణ మాటల దగ్గర ఇంకో చిక్కు. [t]కి 'టాప్', 'స్టాప్' రెండూ రాసేస్తారు. ఇంగ్లిష్ మాతృభాషగా ఉన్నవాళ్ళు 'టాప్'లో ట తర్వాత గట్టిగా గాలి వదులుతారు, అది [tʰ]. స ముందుంటే ఆ గాలి ఉండదు. పెదాల ముందు సన్నటి కాగితం ముక్క పట్టుకుంటే 'టాప్'కి ఊగుతుంది, 'స్టాప్'కి పెద్దగా కదలదు. మనం మామూలుగా పలికే 'టాప్'కి కూడా కాగితం పెద్దగా ఊగదు, పైగా మన ట, అంటే [ʈ], కోసం నాలుక కొన వెనక్కి మడిచి అంగుడికి తగిలిస్తాం, వాళ్ళది పళ్ళ వెనక చిగురు దగ్గరే. ఇన్ని సంగతులు ఒకే [t] కార్డు వెనక కుక్కితే ఏదీ గుర్తుండదు. [t], [ʈ] ఒక కార్డు, [t], [tʰ] ఇంకో కార్డు చేస్తే తేలిపోతుంది.

మరి అన్నిటికీ జంటలే చేద్దామంటే కుదరదు. ఇంగ్లిష్ హల్లులు 24 అనుకుంటే జంటలు 276 అవుతాయి, [m], [k] మధ్య తేడా కోసం కార్డెందుకు? తెలుగు నాలుకకి కలిసిపోయేవే చాలు: [v], [w] ఒకటి, [z], మన జ లాంటి [dʒ] ఒకటి, ఇలా చేతివేళ్ళ మీద లెక్కపెట్టొచ్చు. తెలుగు ధ్వనుల లెక్చరైతే 'కల', 'కళ' ఉండనే ఉన్నాయి. చ కూడా వదలకండి: 'చీమ'లో [tʃ], 'చాప'లో చాలామంది నోట [ts], లిపిలో మాత్రం ఒకే అక్షరం.

గుర్తుల పరీక్ష రేపే ఉంటే మాత్రం ధ్వని కార్డే నయం, త్వరగా అయిపోతుంది. ముఖ్యంగా చూడగానే మోసం చేసే గుర్తులకి: [j] అంటే మన య, జ కాదు, [y] అయితే పెదాలు గుండ్రంగా చుట్టి ఇ అన్నట్టు పలికే అచ్చు. టైపు చేసేటప్పుడు [ʃ] బదులు లెక్కల్లో వాడే ∫ పెట్టేస్తుంటారు, కంటికి తేడా తెలీదు గానీ తర్వాత ఆ కార్డు వెతికితే దొరకదు, కాబట్టి గుర్తుల్ని ఒకే ఐపీఏ, అంటే అంతర్జాతీయ ధ్వని లిపి, కీబోర్డు నుంచి తీసుకోండి.