5 అంగుళాల డ్రోన్‌కి 4ఎస్ 1500 మంచిదా, 6ఎస్ 1000 మంచిదా?

నాలుగు సెల్స్ వరుసగా కలిపిన 4ఎస్ 1500 ఎంఏహెచ్ లైపో బ్యాటరీ 14.8 వోల్టులు, ఆరు సెల్స్ ఉన్న 6ఎస్ 1000 ఎంఏహెచ్‌ది 22.2 వోల్టులు. వోల్టులను ఆంపియర్ అవర్లతో గుణిస్తే రెండింటిలోనూ 22.2 వాట్ అవర్ల శక్తే ఉంటుంది. కాబట్టి 6ఎస్ పెడితే ఎక్కువసేపు ఎగురుతుందని ఆశించకండి.

తేడా కరెంటులో ఉంది. ఫుల్ థ్రాటిల్‌లో డ్రోన్ 900 వాట్లు లాగుతుందనుకుందాం. 4ఎస్ మీద దాదాపు 61 ఆంపియర్లు కావాలి, 6ఎస్ మీద 41 చాలు. వైర్లలో, కనెక్టర్‌లో పుట్టే వేడి కరెంటు వర్గాన్ని బట్టి ఉంటుంది కాబట్టి 4ఎస్‌లో ఆ నష్టం రెట్టింపు కంటే ఎక్కువ.

కెపాసిటీకి ఎన్ని రెట్ల కరెంటు ఇవ్వగలదో చెప్పే సి రేటింగ్ మాత్రం 6ఎస్‌కి తక్కువ సరిపోదు. 61ని 1.5తో, 41ని 1తో భాగించి చూడండి, రెండింటికీ దాదాపు 41సి వస్తుంది. ప్యాక్ మీద వేసే అంకె చాలాసార్లు ఎక్కువ చేసి చెప్పిందే, అందుకే 80సి పైన ఉన్నదే కొనండి. థ్రాటిల్ పెంచగానే సెల్ వోల్టేజ్ 3.2కి పడిపోయి, తగ్గించగానే 3.8కి లేస్తుంటే ఆ ప్యాక్ అంత కరెంటు ఇవ్వలేకపోతోందని అర్థం.

కొత్తగా కట్టేవాళ్లకు నా ఓటు 6ఎస్‌కే, మోటార్లు 1750 కేవీ దగ్గర తీసుకోండి, కేవీ అంటే ఒక్కో వోల్టుకి మోటారు నిమిషానికి తిరిగే చుట్లు. ఇప్పటికే 2600 కేవీ మోటార్లు ఉంటే 4ఎస్‌లోనే ఉండండి. వాటికి 6ఎస్ తగిలిస్తే మోటార్లు, వాటి వేగాన్ని నియంత్రించే ఈఎస్‌సీ కాలిపోవచ్చు.