డబ్బా మీద "డ్యూయల్ పేరింగ్" అని ఉంటే అది మల్టీపాయింట్ కాకపోవచ్చు, కొనేముందు చూసుకోండి

ఇయర్‌బడ్స్ కొనేవాళ్లు ఒక్క నిమిషం ఆగండి, ముఖ్యంగా ఇంటి నుంచి పని చేస్తూ ఫోన్‌కీ ల్యాప్‌టాప్‌కీ ఒకే జత వాడదామనుకునేవాళ్లు. పోయిన నెల నేను 2,799 పెట్టి ఒక జత కొన్నా, కంపెనీ పేరు రాయట్లేదు ఎందుకంటే ఇదే మాట చాలా డబ్బాల మీద కనిపిస్తోంది. "డ్యూయల్ డివైస్ పేరింగ్" అని పెద్దక్షరాల్లో ఉంది, నేను దాన్నే మల్టీపాయింట్ అనుకుని తీసుకున్నా.

పేరింగ్ అంటే గుర్తు పెట్టుకోవడం, అంతే. బడ్స్‌కి రెండు డివైస్‌లు గుర్తుంటాయి, కానీ ఒక్కసారికి ఒక్కదానికే కనెక్ట్ అవుతాయి, ఇంకోదానికి మారాలంటే మొదటిదాంట్లో డిస్‌కనెక్ట్ కొట్టాలి. మల్టీపాయింట్ అంటే రెండిటికీ ఒకే టైంలో కనెక్ట్ అయ్యి ఉండటం. తేడా చూడటం చాలా తేలిక, ల్యాప్‌టాప్‌లో కనెక్ట్ అని చూపిస్తున్నప్పుడే ఫోన్ బ్లూటూత్ లిస్ట్‌లో కూడా ఆ బడ్స్ కనెక్ట్ అయినట్టే ఉండాలి. నా ఫోన్‌లో అది సేవ్ చేసిన డివైస్‌ల కింద ఊరికే పేరుగా పడి ఉంది.

ఇది నాకు తొమ్మిదో రోజున తెలిసింది. మొదటి వారమంతా ఫోన్‌తోనే వాడా, ల్యాప్‌టాప్‌కి పెట్టింది ఆ రోజే. మీటింగ్ గంటన్నర నడిచింది, ఫోన్ సైలెంట్‌లో ఉంది, కాల్ వస్తే చెవిలో వినిపిస్తుందిలే అని ధీమాగా ఉన్నా, అయ్యాక చూస్తే అమ్మవి నాలుగు మిస్డ్ కాల్స్, నాన్నని బీపీ ఎక్కువై హాస్పిటల్‌కి తీసుకెళ్తూ చేసింది. నాన్న ఇప్పుడు బానే ఉన్నారు, కానీ ఆ గంటన్నర అమ్మ ఒక్కతే తిరిగింది, అది తలుచుకుంటే ఇప్పటికీ బాధగానే ఉంది. రిటర్న్ గడువు 7 రోజులు, దాటిపోయింది. కస్టమర్ కేర్ ఆవిడ "డబ్బా మీద రాసింది పనిచేస్తోంది కదా సార్" అంది, నిజమే, పనిచేస్తోంది.

తర్వాత అసలు మల్టీపాయింట్ ఉన్నదే కొన్నా, అందులో కూడా తెలియక తికమక పడ్డ సంగతులున్నాయి. చాలా మోడల్స్‌లో అది ముందే ఆన్ అయ్యి ఉండదు, కంపెనీ యాప్‌లోకి వెళ్లి ఆన్ చేయాలి. ముందు ఫోన్‌కి పేర్ చేసి, మళ్లీ బడ్స్‌ని పేరింగ్ మోడ్‌లో పెట్టి ల్యాప్‌టాప్‌కి పేర్ చేసి, ఆ తర్వాత ఫోన్‌లో బడ్స్ పేరు మీద ఇంకోసారి నొక్కితే అప్పుడు రెండూ నిలబడతాయి.

కనెక్షన్లు రెండైనా సౌండ్ మాత్రం ఒకదాన్నుంచే వస్తుంది, రెండూ కలిసి వినిపించవు. ల్యాప్‌టాప్‌లో వీడియో నడుస్తుండగా ఫోన్‌కి కాల్ వస్తే కాల్‌దే పైచేయి, వీడియో సౌండ్ ఆగి రింగ్ వినిపిస్తుంది, పెట్టేశాక మళ్లీ ల్యాప్‌టాప్‌కి వస్తుంది. పాటల దగ్గర అలా కాదు, చాలా బడ్స్‌లో ల్యాప్‌టాప్‌లో పాజ్ కొడితే గానీ ఫోన్‌లో ప్లే కొట్టింది చెవిలోకి రాదు, కొన్నిట్లో మాత్రం ఎవరు కొత్తగా ప్లే చేస్తే వాళ్లకే మారిపోతుంది. నాది ఆ రెండో రకం, దాంతో ఇంకో తలనొప్పి, ఫోన్‌లో వార్తలు వింటుంటే ల్యాప్‌టాప్‌కి మెయిల్ వచ్చి టింగ్ మన్న ప్రతిసారీ వార్తలు ఆగిపోయేవి. ఆ టింగ్ కూడా బడ్స్ లెక్కలో ఆడియోనే కదా. విండోస్ 11లో `Settings > System > Sound > More sound settings` లోకి వెళ్లి `Sounds` ట్యాబ్‌లో `No Sounds` పెట్టా, మెయిల్ టింగ్ ఆగింది. మీటింగ్ యాప్‌ల సౌండ్స్ మాత్రం వాటి సెట్టింగ్స్‌లోనే విడిగా ఆపుకోవాలి.

మీటింగ్‌లో బడ్స్ మైక్ వాడితే అవతలి గొంతు పాత ల్యాండ్‌లైన్‌లా వినిపిస్తుంది, బడ్స్ పాడయ్యాయనుకోకండి, మైక్ తెరవగానే బ్లూటూత్ కాల్ మోడ్‌లోకి వెళ్లి క్వాలిటీ తగ్గిస్తుంది. మీటింగ్ యాప్‌లో మైక్ కింద ల్యాప్‌టాప్ మైక్, స్పీకర్ కింద బడ్స్ పెట్టుకుంటే గొంతు బాగుంటుంది. కానీ అప్పుడు బడ్స్‌కి అది మీటింగ్ అని తెలియదు, మామూలు ఆడియో అనుకుంటుంది కాబట్టి ఫోన్ మోగితే మీ చెవిలో మీటింగ్ ఆగిపోతుంది. నేనైతే అలాగే ఉంచుకున్నా, నాకు కాల్ వినిపించడమే ముఖ్యం.

డబ్బా తెరిచిన రోజే రెండిటికీ కనెక్ట్ చేసి, ల్యాప్‌టాప్‌లో వీడియో పెట్టి, ఇంట్లో ఎవరితోనైనా మీ ఫోన్‌కి కాల్ చేయించండి. రింగ్ చెవిలో వినిపించాలి, కాల్ పెట్టేశాక వీడియో సౌండ్ దానంతటదే రావాలి, ఈ రెంటిలో ఏది జరగకపోయినా అదే రోజు రిటర్న్ పెట్టేయండి.