నాలా మీద గుడిసెలు: రెండు జవాబులు

సివిల్స్ మెయిన్స్ ఎథిక్స్ పేపర్‌లో ఒక్కో కేస్ స్టడీకి 20 మార్కులు, 250 పదాలు. హన్మకొండలో నాలా మీద 40 గుడిసెలున్నాయి, వానకాలం దగ్గర పడింది, మీరే మున్సిపల్ కమిషనర్ అనుకోండి.

"ఆక్రమణ చట్టవిరుద్ధం, కూల్చేస్తాను" అనే జవాబు తప్పు కాదు, కానీ అందులో గుడిసెలోని బాలింత కనబడదు.

రెండో జవాబు నీళ్లకు దారినీ, ఇల్లు పోయేవాళ్లకు నీడనూ ఎదురెదురుగా పెట్టి తూస్తుంది. అందుకే ముందు నోటీసు ఇస్తుంది. బొంబాయి ఫుట్‌పాత్‌ల మీద బతికేవాళ్ల తొలగింపుపై 1985లో తేల్చిన ఓల్గా టెల్లిస్ కేసులో సుప్రీంకోర్టు పట్టుబట్టింది దీనికే. తర్వాత ఇంటింటి సర్వే, పిల్లల బడికి దగ్గర్లో తాత్కాలిక వసతి, ఆపైనే నీటికి బాగా అడ్డున్న గుడిసెలతో మొదలుపెట్టి తొలగింపు. అందరినీ మెప్పించాలని "కమిటీ వేస్తాను" అని ఆపేస్తే మాత్రం ఇదీ చెడుతుంది. వాన ఆగదు కదా, ఖాళీ చేయించే తేదీ రాయాల్సిందే.