వడ్లు చూసే ఉద్యోగం: సీనియర్ మేలా, ఫ్రెషర్ మేలా?

మిర్యాలగూడలో మిల్లు నడిపించే వాళ్లు ఏటా అడిగే మాటే ఇది. మొన్న ఆగస్టులో మా మిల్లు గేటు దగ్గర పచ్చి వడ్లు చూసి తేమ తేల్చే ఉద్యోగానికి ఇద్దరు మిగిలారు. ఒకాయనది హుజూర్‌నగర్, 12 ఏళ్లుగా మిల్లుల్లోనే పని. రెండో ఆమె దేవరకొండ నుంచి వచ్చింది, అగ్రికల్చర్ డిప్లొమా చేసి ఏడాది కూడా కాలేదు.

ప్రశ్నలు అడగలేదు. ఇద్దరికీ ఒకే ట్రాక్టర్ చూపించాను. అందులో 50 క్వింటాళ్ల సన్న వడ్లు.

ఆయన పైన పిడికెడు తీసుకుని, గింజ కొరికి, "పద్దెనిమిదిన్నర ఉంటది సార్" అన్నాడు. అదే పిడికెడు మీటర్‌లో పోస్తే సరిగ్గా 18.5. ముచ్చటేసింది. ఆమె మాత్రం ట్రాలీ ఎక్కి ఐదు చోట్ల తీసింది. పైన 18.5, అడుగున 22, మిగతావి 19, 19.5, 21. సగటు 20. అర్ధగంట పట్టింది. ఈలోగా రైతు "ఏందమ్మా, ఇంకెంతసేపు?" అని గొడవకు దిగితే బిక్కమొహం వేసింది. పెద్దాయనే పోయి "కూసో అన్నా, చాయ్ తాగుదాం" అని సర్దిచెప్పాడు.

ఇప్పుడు లెక్క చూడండి. ఆ 50 క్వింటాళ్లను 14 శాతం తేమకు ఆరబెడితే, మొదట 18.5 ఉంటే మిగిలేది దాదాపు 47.4 క్వింటాళ్లు. 20 ఉంటే 46.5. అంటే పైన పిడికెడే నమ్మితే ఒక్క ట్రాక్టర్‌కే మిల్లుకు 87 కిలోల నష్టం. ఇంకో లోడుకు పైన పచ్చిగా, అడుగున పొడిగా ఉంటే అదే నష్టం రైతు మీద పడుతుంది, అప్పుడు అతను గొడవపడటం న్యాయమే.

అడుగున ఎందుకు చూడలేదని ఆయన్ని అడిగాను. "ఇన్నేళ్లలో ఎవరూ అడగలేదు సార్" అన్నాడు. నాకు అక్కడే తేలిపోయింది. రైతుతో మాట్లాడటం గేటు దగ్గర నా పక్కన నిలబడితే ఆమెకు వస్తుంది. చేతి వేగం కూడా వడ్లు చూడగా చూడగా వస్తుంది. ట్రాలీ ఎక్కే అలవాటు ఆయనకు చేయించాలంటే మాత్రం ముందు 12 ఏళ్ల ధీమాను కదిలించాలి.

జీతం తేడా ఉంది కానీ 87 కిలోల ముందు అది లెక్కలోకి రాదు. ఇద్దరినీ తీసుకునే బడ్జెట్ లేదు. సీజన్ వరకే మనిషిని పెట్టుకోవచ్చు గానీ, పని పట్టుబడే సరికి సీజన్ అయిపోతుంది.

ఆమెనే తీసుకున్నాను. కోతలు ఊపందుకోవడానికి ఇంకా రెండు నెలలకు పైనే ఉంది కాబట్టి ధైర్యం చేశాను. ఇదే ఇంటర్వ్యూ అక్టోబరు చివర్లో, గేటు బయట ట్రాక్టర్లు బారులు తీరాక పెట్టి ఉంటే, ఉద్యోగం హుజూర్‌నగర్ ఆయనకే ఇచ్చేవాణ్ని. ట్రాలీ ఎక్కే పని నేను చేసుకునేవాణ్ని.