ఒకే వరుసా, రెండు గడులా?

శ్రీకాకుళంలో మా ఎనిమిదో తరగతి ట్యూషన్ పిల్లలకు ఇచ్చిన వర్క్‌షీట్‌లోని లెక్క ఇది: ఒక్క వడ్లగింజ బరువు 0.000025 కిలోలైతే 80 కోట్ల గింజల బరువెంత?

ముందు రెండు సంఖ్యలనూ ప్రామాణిక రూపంలోకి మార్చాలి. బిందువు కుడికి 5 స్థానాలు జరిగితే 2.5 × 10⁻⁵. 80 కోట్లు అంటే 8 × 10⁸. ఇక గుణకారమంతా ఒకే వరుసలో రాయించాలా, లేక సంఖ్యలను ఎడమ గడిలో, 10 ఘాతాంకాలను కుడి గడిలో విడిగా రాయించాలా?

ఒకే వరుసలో: కాగితం, సమయం రెండూ ఆదా. కానీ మైనస్ గుర్తు జారిపోతుంది. 8 + 5 = 13 అని రాసేస్తారు. ఆ లెక్కన బరువు వేల కోట్ల కిలోలు దాటుతుంది, జిల్లా పంటంతా కలిపినా అంత రాదు!

రెండు గడుల్లో: రాత ఎక్కువ. ఎడమ గడిలో 8 × 2.5 = 20, కుడి గడిలో 8 + (−5) = 3. వచ్చింది 20 × 10³. ఇక్కడే అసలు తిరకాసు. 20ని 2 చేస్తే ఎడమ పదోవంతు అయింది, కాబట్టి ఘాతాంకం ఒకటి పెరగాలి: 2 × 10⁴, అంటే 20,000 కిలోలు. చాలామంది తగ్గించి 10² రాస్తారు.

సరిచూడాలంటే వెయ్యి గింజలు 25 గ్రాములు, 8 లక్షల వేలు 200 లక్షల గ్రాములు, అంటే 20,000 కిలోలు. సరిపోయింది.

రెండు ఘాతాంకాలూ ధనాత్మకమైతే ఒకే వరుస చాలు. ఒక్క మైనస్ కనిపించినా గడులు గీయించండి.