రెన్యువల్‌కు ముందు వెళ్లే ఈమెయిల్: రెండేళ్ల వాడకం తర్వాత

కార్డు నుంచి సొమ్ము వసూలు చేయడానికి ఏడు రోజుల ముందు చందాదారుకు ఈమెయిల్ పంపే సదుపాయం మా బిల్లింగ్ సాఫ్ట్‌వేర్‌లో ఉంది. దానిని రెండేళ్లుగా వాడుతున్నాం. ఈమెయిల్ పంపే పనిని అది చక్కగా చేస్తుంది. ఆ ఈమెయిల్ వల్ల ఏం మారిందో చూపించే నివేదిక మాత్రం మమ్మల్ని కొంతకాలం తప్పుదారి పట్టించింది.

పరీక్ష కోసం మూడు నెలల చందాలను ఎంచుకున్నాం. ఆరు నెలలకు మించిన వ్యవధి గల చందాలకు 7 నుంచి 30 రోజుల ముందు గుర్తుచేయాలని మాస్టర్‌కార్డ్ నిబంధనలే చెబుతాయి కనుక, వార్షిక చందాదారుల్లో కొందరికి పంపకుండా ఆపి చూసే వీలు లేదు. ఈమెయిల్‌ను చట్టం తప్పనిసరి చేసిన ప్రాంతాల వారినీ పక్కన పెట్టాం. మిగిలినవారిని `customer_id` ఆధారంగా రెండు జట్లుగా విడదీసి, ఒకసారి పడిన జట్టులోనే చివరిదాకా ఉంచాం. ప్రతి బిల్లుకూ కొత్తగా చీటీ తీస్తే, పోయినసారి ఈమెయిల్ అందుకున్న మనిషి ఈసారి అందుకోని జట్టులోకి వచ్చి చేరతాడు, అప్పుడు రెండు జట్ల తేడా మసకబారుతుంది. ఈమెయిల్ తెరిచారా లేదా అన్నది లెక్కలోకి తీసుకోలేదు. కొన్ని మెయిల్ యాప్‌లు బొమ్మలను ముందే దింపుకోవడం వల్ల ఎవరూ చదవని ఉత్తరం కూడా తెరిచినట్టే కనిపిస్తుంది.

మొదటి నెల నివేదికలో ఈమెయిల్ అందిన జట్టులో రద్దులు ఎక్కువగా కనిపించగానే ఈమెయిల్‌నే ఆపేద్దామనే మాట మాలో వచ్చింది. ఆ మాట ఎందుకు తొందరపాటో చూపడానికి ఒక ఊహాత్మక లెక్క చెబుతాను. ఒక్కో జట్టులో రెన్యువల్ గడువు వచ్చినవారు వెయ్యిమంది అనుకుందాం. ఈమెయిల్ అందని జట్టులో 60 మంది ముందే రద్దు చేసుకున్నారు, వసూలైన తర్వాత 70 మంది వాపసు అడిగి తీసుకున్నారు, ఎనిమిది మంది ఛార్జ్‌బ్యాక్ వేశారు, అంటే మమ్మల్ని అడగకుండా బ్యాంకు దగ్గర వివాదం వేసి సొమ్ము వెనక్కి తీసుకున్నారు. చివరికి 862 మంది మిగిలారు. ఈమెయిల్ అందిన జట్టులో రద్దులు 120, వాపసులు 20, ఛార్జ్‌బ్యాక్‌లు మూడు. మిగిలినవారు 857 మంది. రద్దులు రెట్టింపయ్యాయన్నది నిజమే, కానీ అందులో అధిక భాగం ఎలాగూ వెళ్లిపోయేవారే, కాకపోతే సొమ్ము కట్టకముందే వెళ్లారు. అందువల్ల హారంలో ఉండాల్సింది వసూలైన బిల్లులు కాదు, గడువు వచ్చిన చందాలన్నీ. ఇంకొక సంగతి, ఎనిమిదికీ మూడుకూ ఉన్న తేడా కాకతాళీయంగా కూడా రావచ్చు. అంత అరుదైన దానిపై తీర్పు చెప్పాలంటే వెయ్యిమంది చాలరు.

నివేదికలోని అసలు లోపం ఛార్జ్‌బ్యాక్‌ల దగ్గర ఉంది. నివేదిక వాటిని అవి వచ్చిన నెల ఖాతాలోనే వేస్తుంది. చాలా రకాల వివాదాలకు కార్డుదారుకు 120 రోజుల వరకు గడువుంటుంది, మా బిల్లు మాత్రం మూడు నెలలకే తిరిగి వస్తుంది. కాబట్టి పాత వసూలుపై వివాదం కొత్త వసూలు తర్వాత కూడా రావచ్చు. ఈమెయిల్ అందని జట్టులోని ఒక చందాదారు రెండో వసూలును చూశాకే మొదటిదాన్నీ గమనించి, రెండింటి మీదా ఒకేరోజు వివాదం వేశారు. నివేదిక వాటిని ఒకే నెలలో రెండు ఘటనలుగా చూపింది. ఇప్పుడు మేమే ప్రతి వివాదాన్నీ అసలు వసూలు సంఖ్యతో జతచేసి, ఆ వసూలుకు 120 రోజులు నిండాకే లెక్క మూస్తాం. బిల్లులతో పాటు మనుషులనూ విడిగా లెక్కపెడతాం. ఒకే సొమ్ముకు వాపసూ ఛార్జ్‌బ్యాక్ రెండూ ఉంటే ఒకే ఫలితంగా రాసుకుంటాం. వివాదం పడ్డాక తెలియక వాపసు కూడా ఇచ్చి రెండుసార్లు నష్టపోయిన సందర్భం మాకు ఒకటి ఉంది.

వాపసులు తగ్గాయని మాకు నమ్మకం కుదిరింది. ఛార్జ్‌బ్యాక్‌లలో మాత్రం, రద్దయిన చందాకు సొమ్ము తీసుకున్నారని వీసా 13.2 కోడ్‌తో వచ్చేవి తగ్గినా, తమకు తెలియని లావాదేవీ అంటూ 10.4తో వచ్చేవి మొదట కదలలేదు. ఒక ఫిర్యాదును విప్పి చూస్తే కారణం తెలిసింది: ఈమెయిల్‌లో మా యాప్ పేరుంది, కార్డు స్టేట్‌మెంట్‌లో సంస్థ రిజిస్టరైన పేరుంది, ఆ రెండూ ఒకటేనని చదివేవారికి ఎలా తెలుస్తుంది? స్టేట్‌మెంట్‌లో కనిపించే పేరును, మొత్తాన్ని, తేదీని ఈమెయిల్ మొదటి వాక్యంలోకి తెచ్చిన తర్వాతే ఆ రకం వివాదాలు కూడా తగ్గుముఖం పట్టాయి. ఈ మార్పును మాత్రం అందరికీ ఒకేసారి చేశాం, కాబట్టి ఆ తగ్గుదల పూర్తిగా దానివల్లేనని జట్ల లెక్కతో చూపలేను.

ఈమెయిల్ సదుపాయాన్ని ఉంచుకున్నాం. నివేదిక పేజీని తెరవడం మానేశాం.